బీరువా తాళం అత్తగారిది, బంగారం కోడలిది

1999 డిసెంబరులో హైదరాబాద్‌కు చెందిన ఒక తండ్రి కూతురికి పెళ్లి చేశాడు. 40 కాసుల బంగారం, ఇంకా కొన్ని కానుకలు పెట్టాడు. దంపతులు అమెరికా వెళ్లారు. 2016లో అక్కడి కోర్టులోనే విడాకులు తీసుకున్నారు. ఎవరి ఆస్తి ఎవరిదో ఒప్పందం రాసుకున్నారు. 2018లో ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ తర్వాత 2021లో తండ్రి హిమాయత్‌నగర్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, తాను పెట్టిన బంగారం పాత వియ్యాలవారు తిరిగి ఇవ్వలేదని కేసు పెట్టాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 ఆగస్టులో కోర్టు దాన్ని కొట్టేసింది.

ఈ తీర్పు విని చాలామంది అమ్మాయిల తండ్రులు నొచ్చుకున్నారు. కష్టపడి కొన్నది తాను, పెట్టింది తాను, అడిగే హక్కు మాత్రం తనకు లేదా అన్నది వారి బాధ. కోర్టు చెప్పిన కారణాన్ని నిదానంగా చూస్తే, అది ఆడపిల్లకు అనుకూలమైన కారణమేనని తెలుస్తుంది. స్త్రీధనానికి యజమాని ఆమె ఒక్కతే. భర్తకు ఎలా హక్కు లేదో, తండ్రికీ అలాగే లేదు. బతికి ఉన్న, చదువుకున్న, తన నిర్ణయాలు తాను తీసుకోగల కూతురు తన తరఫున అడగమని తండ్రికి ఎలాంటి అధికార పత్రమూ ఇవ్వలేదు. తన బంగారం తనకు రావాలని ఆమె ఎక్కడా అడగలేదు. ఆ నగలు నిజంగా అత్తమామల దగ్గర ఉన్నాయనడానికి రుజువు కూడా లేదు. అలాంటప్పుడు కేసు నిలబడదని కోర్టు తేల్చింది.

నా మటుకు ఆ తీర్పులో ముఖ్యమైన మాట తండ్రి ఓడిపోయాడన్నది కాదు. స్త్రీధనం విషయంలో యాజమాన్యం గురించిన తగవు ఎప్పుడో తీరిపోయింది. ఇవాళ కోర్టుల్లో నడిచే పోరాటమంతా మూడు ప్రశ్నల చుట్టూ ఉంది: ఏమేం పెట్టారు, ఎవరి చేతికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అడుగుతున్నారు.

యాజమాన్యం సంగతి ముందుగా చెప్పుకుందాం. పెళ్లికి ముందు, పెళ్లిలో, పెళ్లయ్యాక ఆమెకు ఇచ్చినదంతా ఆమెదే. పుట్టింటివారు పెట్టిన నగలు, అత్తింటివారు వేసిన నల్లపూసలు, మంగళసూత్రం, మేనమామ పెట్టిన గాజులు, స్నేహితులు ఆమె చేతికి ఇచ్చిన కానుకలు, సారెలో వెళ్లిన సామాను, అన్నీ ఇందులోకి వస్తాయి. అత్తగారు వేసిన గొలుసు అత్తగారిదే అనుకోవడం మన ఇళ్లలో మామూలు. చట్టం అలా అనదు. కోడలికి కానుకగా ఇచ్చాక అది కోడలిదే. హిందూ వారసత్వ చట్టం 1956లోని 14వ సెక్షన్ స్త్రీ ఆస్తిని ఆమె సంపూర్ణ ఆస్తిగా చేసింది. స్త్రీధనాన్ని అందులో పేరు పెట్టి మరీ చేర్చింది. ముస్లిం స్త్రీల విషయంలో 1986 నాటి చట్టంలోని 3వ సెక్షన్, విడాకులు పొందిన స్త్రీకి పెళ్లి సందర్భంగా బంధుమిత్రులు, భర్త ఇచ్చినవన్నీ తిరిగి రావాలని చెబుతుంది.

అయినా 1980ల దాకా ఒక వాదన బలంగా నడిచింది. అత్తింటి గడప దాటాక ఆ వస్తువులు ఇంటిల్లిపాదీ వాడుకునేవి అవుతాయి, భార్యాభర్తల ఉమ్మడి సొత్తు అవుతాయి, అందుకని ఇవ్వకపోయినా నేరం కాదు అన్నది ఆ వాదన. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆమె వస్తువు ఉమ్మడి అయిపోదు. అత్తగారి బీరువాలో పెట్టినా, భర్త లాకరులో పెట్టినా వాళ్లు దాన్ని కాపాడే బాధ్యత తీసుకున్నవాళ్లు మాత్రమే. అడిగినప్పుడు ఇవ్వకపోతే అది నమ్మకద్రోహ నేరం. 1997లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని మళ్లీ ఖాయం చేసింది. కష్టకాలంలో భర్త ఆ సొమ్ము వాడుకున్నా, తిరిగి ఇచ్చే బాధ్యత అతని మీద ఉంటుందని చెప్పింది. అప్పట్లో ఈ నేరం ఐపీసీ 406 కిందకు వచ్చేది, శిక్ష మూడేళ్ల వరకు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహితలోని 316వ సెక్షన్ వర్తిస్తుంది, శిక్ష ఐదేళ్ల వరకు పెరిగింది.

ఇక కష్టమంతా ఎక్కడుందో చూడటానికి ఒక ఊహాజనితమైన కాపురాన్ని తీసుకుందాం. గుంటూరు దగ్గర ఊరి అమ్మాయికి 2019లో పెళ్లయింది. పుట్టింటివారు 25 కాసులు పెట్టారు. అత్తింటివారు సూత్రాల గొలుసు, నల్లపూసలు కలిపి 5 కాసులు వేశారు. మొత్తం 240 గ్రాములు. మామగారి చేతికి 10 లక్షల నగదు ఇచ్చారు. అల్లుడి పేరున కారు కొన్నారు. పసుపుకుంకుమ కింద ఎకరం పొలం ఇస్తున్నామని పెద్దల ముందు చెప్పారు. సారెలో మంచం, బీరువా, ఫ్రిజ్ వెళ్లాయి. పెళ్లయిన వారానికి అత్తగారు, "ఇటివ్వమ్మా, ఒంటి మీద ఎందుకు, బీరువాలో భద్రంగా పెడతాను" అని నగలు తీసుకున్నారు. 2022లో ఆడపడుచు పెళ్లికి అందులో 12 కాసులు తాకట్టుకు వెళ్లాయి. 2024లో ఆ అమ్మాయి రెండు జతల బట్టలతో పుట్టింటికి వచ్చింది.

ఇందులో ఆమెది ఏది? 30 కాసులూ ఆమెవే, ఇందులో తగవు లేదు. సారె సామానూ ఆమెదే. అల్లుడికి పెట్టిన ఉంగరం, బట్టలు అతనివి. జంటకు కలిపి ఇచ్చిన కానుకల గురించి, విడాకుల కేసు నడుస్తుంటే, హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కింద అదే కోర్టు ఏర్పాటు చేయవచ్చు. కారు దగ్గర చిక్కు మొదలవుతుంది. రిజిస్ట్రేషన్ అతని పేరున ఉంది. డబ్బు ఆమె తండ్రి ఖాతా నుంచి షోరూముకు వెళ్లినట్టు బ్యాంకు కాగితం ఉంటే వాదించడానికి ఆధారం దొరుకుతుంది, నగదుగా కట్టి ఉంటే చాలా కష్టం. ఎకరం పొలం సంగతి మరీ బాధాకరం. స్థిరాస్తి దానం చెల్లాలంటే దాత సంతకంతో, ఇద్దరు సాక్షులతో దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలని ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెబుతుంది. పెద్దల ముందు చెప్పిన మాట, తెల్లకాగితం మీద రాసిన రాత నమ్ముకుని ఎందరో ఆడపిల్లలు ఆ పొలం తమదే అనుకుంటూ ఏళ్లు గడుపుతారు. అన్నదమ్ముల పంపకాల రోజు వచ్చేసరికి అది తండ్రి పేరుననే ఉంటుంది. ఇక్కడ ఆమె హక్కును పోగొట్టింది అత్తిల్లు కాదు, పుట్టిల్లు. పసుపుకుంకుమ ఇవ్వాలనుకున్న తండ్రి పెళ్లి ఖర్చులోనే రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి.

10 లక్షల నగదు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. అయినా కట్నం ఇచ్చేశాక అది ఎవరిదన్న ప్రశ్నకు వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ సూటిగా సమాధానం చెబుతుంది: అది పెళ్లికూతురిదే. మామగారైనా, భర్తైనా పుచ్చుకున్న దాన్ని మూడు నెలల్లోగా ఆమెకు అప్పగించాలి. పెళ్లికి ముందే పుచ్చుకుంటే పెళ్లి రోజు నుంచి మూడు నెలలు, పెళ్లిలో గానీ ఆ తర్వాత గానీ పుచ్చుకుంటే పుచ్చుకున్న రోజు నుంచి మూడు నెలలు. అప్పటిదాకా అది వాళ్ల దగ్గర ఆమె తరఫున ఉన్న సొమ్ము. ఇవ్వకపోతే ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇచ్చామని చెబితే మనమీదే కేసు పడుతుందేమోనని తల్లిదండ్రులు నోరు విప్పరు. బాధితులు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా వారిమీదే ఈ చట్టం కింద కేసు పెట్టకూడదని అదే చట్టం 7వ సెక్షన్ మూడో ఉపవిభాగం రక్షణ ఇస్తోంది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆమె అసహజ పరిస్థితుల్లో చనిపోతే, ఆ సొమ్ము పిల్లలకు, పిల్లలు లేకపోతే ఆమె తల్లిదండ్రులకు చెందుతుంది. భర్తకు కాదు.

మన ఉదాహరణలోని అమ్మాయి అడిగినప్పుడు అవతలివైపు నుంచి వచ్చే సమాధానం ఎలా ఉంటుందో లాయర్లు కళ్లు మూసుకుని చెప్పగలరు. ఒకటి, అంత బంగారం పెట్టనే లేదు. రెండు, వెళ్లేటప్పుడు మొత్తం మూటకట్టుకుని పోయింది. ఈ రెండిటికీ ఆమె దగ్గర జవాబు ఉండాలి.

ఎంత పెట్టారన్నదానికి ప్రభుత్వం 1985లోనే ఒక మార్గం చూపింది. ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పెళ్లి సమయంలో గానీ, వెంటనే ఆ తర్వాత గానీ కానుకల జాబితా రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం ఉంటే ఆ వరస. దాని మీద వధూవరులిద్దరూ సంతకం చేయాలి. నలభై ఏళ్లు గడిచినా మన పెళ్లిళ్లలో ఈ జాబితా దాదాపు ఎక్కడా కనపడదు. చదివింపుల దగ్గర నూటపదహార్లు కూడా పేరుతో సహా పుస్తకంలోకి ఎక్కుతాయి గానీ, పాతిక కాసుల బంగారానికి ఒక కాగితం ఉండదు. శుభమా అని పెళ్లి చేస్తూ విడిపోయే మాట ఇప్పుడెందుకు అనే మొహమాటం ఒకటి అడ్డం వస్తుంది. ఆ మొహమాటం విలువ ఎంతో తర్వాత కోర్టులో తెలుస్తుంది.

జాబితా లేనివాళ్లకు దారులు మూసుకుపోలేదు. నగల దుకాణం బిల్లులు, పెళ్లికి ముందు బ్యాంకు నుంచి తీసిన డబ్బు లెక్క, పెళ్లి ఆల్బమ్, వీడియో, ఆ చదివింపుల పుస్తకం, నిశ్చితార్థం నాడు రాసుకున్న కాగితం, కంసాలి సాక్ష్యం, అన్నీ పనికొస్తాయి. 2023 ఏప్రిల్ నుంచి దుకాణాల్లో అమ్మే హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది. కొన్నప్పుడే ఆ సంఖ్యను బిల్లు మీద రాయించుకుంటే, రేపు ఏ నగ గురించి మాట్లాడుతున్నామో తగవు ఉండదు.

ఎవరి దగ్గర ఉందన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. హిమాయత్‌నగర్ కేసు పడిపోవడానికి ఒక కారణం ఇదే. "అత్తింటివారంతా కలిసి నా నగలు కాజేశారు" అని రాసి, ఊళ్లో ఉన్న ఆడపడుచు, దుబాయిలో ఉన్న మరిది పేర్లు కూడా చేర్చేస్తే ఫిర్యాదు బలపడదు, పలచబడుతుంది. ఏ నగ, ఎప్పుడు, ఎవరి చేతికి ఇచ్చానో విడివిడిగా చెప్పాలి. మన అమ్మాయి విషయంలో 12 కాసులు తాకట్టు పెట్టిన రసీదు భర్త పేరున ఉంటుంది. అది ఉన్న ఒక్క కాగితంతో బంగారం పెట్టలేదన్న మాట, మూటకట్టుకుపోయిందన్న మాట రెండూ ఆ మేరకు వీగిపోతాయి. నగలు లాకరులో ఉంటే, లాకరు ఎవరు ఏ రోజు తెరిచారో బ్యాంకు రాసి ఉంచుతుంది. ఆమె ఇల్లు వదిలిన రోజు ముందూ వెనకా ఎవరు వెళ్లారో ఆ రిజిస్టరే చెబుతుంది. "మీ నగలు అమ్మ దగ్గరే ఉన్నాయిగా" అని భర్త ఎప్పుడో పంపిన ఒక వాట్సాప్ మాట కూడా పెద్ద సాక్ష్యమే. అందుకే ఫోను మార్చేటప్పుడు పాత సందేశాలు పోనివ్వకూడదు.

ఈ రుజువు ఎంత గట్టిగా ఉండాలన్నదానికి కేరళ నుంచి వచ్చిన ఒక కేసు దారి చూపింది. 2003లో పెళ్లి. పుట్టింటివారు 89 సవర్ల బంగారం పెట్టారు. మొదటి రాత్రే భర్త నగలన్నీ తీసుకుని భద్రత పేరుతో తన తల్లికి అప్పగించాడని, తర్వాత అవి వాళ్ల పాత అప్పులకు పోయాయని ఆమె చెప్పింది. కుటుంబ న్యాయస్థానం 2011లో ఆమెను నమ్మింది, బంగారం విలువ కింద 8.9 లక్షలు ఇమ్మంది. హైకోర్టు రుజువు చాలలేదని ఆ భాగం కొట్టేసింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మళ్లీ ఆమె పక్షాన నిలిచింది. ఇది హత్య కేసు కాదు, అనుమానానికి తావే లేనంత రుజువు అక్కర్లేదు, ఇరువైపుల మాటల్లో ఏది ఎక్కువ నమ్మదగినదో చూడాలని చెప్పింది. కాపురం నిలబడుతుందేమోనన్న ఆశతో భార్య వెంటనే కోర్టుకు రాకపోతే, ఆ ఆలస్యాన్ని చూసి ఆమె మాట అబద్ధమని అనుకోకూడదని కూడా అంది. కాపురం అంటే ఏమిటో తెలిసిన మాట అది. గొడవ మొదలైన మర్నాడే నగల లెక్క అడిగే ఆడపిల్ల మన ఊళ్లలో ఎవరు?

అడగడానికి దారులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. పోలీసు కేసు ఒకటి, కుటుంబ న్యాయస్థానంలో దావా ఇంకొకటి. వస్తువులు చేతికి రావడమే ముఖ్యమైతే, చాలామందికి 2005 నాటి గృహహింస చట్టం దగ్గరి దారి అని నా అభిప్రాయం. స్త్రీధనాన్ని ఆమెకు అందకుండా చేయడం ఆ చట్టం లెక్కలో ఆర్థిక హింస. కొట్టినట్టు చూపించనక్కర్లేదు. ఆమె ప్రస్తుతం ఉంటున్న ఊళ్లోని మేజిస్ట్రేట్ కోర్టులోనే పిటిషన్ వేయవచ్చు, పుట్టింట్లో తాత్కాలికంగా ఉన్నా సరే. మహిళా శిశు సంక్షేమ శాఖలో ఉండే ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గరకు వెళితే ఆయనో ఆవిడో సంఘటన నివేదిక రాసి కోర్టుకు పంపుతారు. 181కు ఫోన్ చేసినా దారి చెబుతారు. లాయరుకు ఇచ్చుకోలేని భయం అక్కర్లేదు. ఆదాయం ఎంతైనా, స్త్రీ అయితే చాలు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

పిటిషన్‌లో చాలామంది తిరిగి ఇప్పించమని మాత్రమే అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది, ఉన్నవాటిని కదపకుండా ఆపమని. నోటీసు అందిన మర్నాడే నగలు కరిగించడమో, లాకరు ఖాళీ చేయడమో జరిగే ప్రమాదం ఉంటుంది. 18వ సెక్షన్ కింద ఆమె స్త్రీధనంతో సహా ఆస్తులు అమ్మకూడదని, లాకర్లు, ఖాతాలు వాడకూడదని ఆంక్ష పెట్టవచ్చు. అవసరమైతే అవతలివారి మాట వినకముందే 23వ సెక్షన్ కింద తాత్కాలికంగా ఆ ఆదేశం ఇవ్వవచ్చు. దాన్ని కాదంటే ఏడాది వరకు జైలు. ఆ తర్వాత 19వ సెక్షన్ ఎనిమిదో ఉపవిభాగం కింద వస్తువులు తిరిగి ఇవ్వమనే ఆదేశం వస్తుంది. 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం మేజిస్ట్రేట్‌కు చెప్పింది. నిజానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. తాత్కాలిక ఆదేశం అంత విలువైనది అందుకే.

ఆలస్యమైపోయిందని వెనక్కి తగ్గేవారికి ఇంకో తీర్పు గుర్తు చేయాలి. త్రిపురకు చెందిన ఒక స్త్రీ, కోర్టు ద్వారా భర్త నుంచి వేరుపడ్డాక స్త్రీధనం అడిగితే కాలం చెల్లిందన్నారు. 2015లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఇవ్వకుండా ఉంచుకున్నంత కాలం ఆ తప్పు కొనసాగుతూనే ఉంటుందని చెప్పింది. అయితే ఈ ధైర్యాన్ని మరీ సాగదీయకూడదు. విడాకులు పూర్తయి, ఆస్తుల ఒప్పందం రాసుకుని, ఇరవై ఏళ్లు గడిచాక కోర్టు ఎలా చూస్తుందో హిమాయత్‌నగర్ కేసు చెప్పింది.

నిజానికి ఎక్కువ బంగారం పోయేది కోర్టులో కాదు, రాజీ బల్ల మీద. పరస్పర అంగీకారంతో విడాకులు రాసుకునేటప్పుడు "ఇకపై ఒకరి మీద ఒకరికి ఎలాంటి క్లెయిములూ లేవు" అనే వాక్యం మామూలుగా పడుతుంది. నగల మాట ఎత్తకుండా దాని కింద సంతకం పెడితే ఆ తర్వాత అడగడం చాలా కష్టం. పెద్దమనుషుల పంచాయితీలో "అన్నీ ముట్టాయి" అని రాయించుకునే కాగితమూ అంతే. బంగారం చేతికి రాకముందు ఆ మాట రాసి ఇవ్వకూడదు. ఇచ్చే రోజు కంసాలిని పిలిచి, ఒక్కో నగ తూకం, నాణ్యం చూసి, జాబితాలో దాని ఎదురుగా టిక్కు పెట్టి, రానివాటిని రాలేదనే రాసి, ఇరువైపులా సంతకాలు తీసుకోవాలి. గొలుసు వచ్చి దాని పతకం రాకపోతే అది కూడా రాయాలి.

నగలు కరిగిపోయాయి, అమ్మేశారు అని తేలితే డబ్బు అడగాలి. ఇక్కడ ఒక్క వాక్యం తేడాతో లక్షలు పోతాయి. 89 సవర్ల కేసులో 2011లో ఇమ్మన్న 8.9 లక్షలు 2024 నాటికి ఏ మూలకూ చాలవు. సుప్రీంకోర్టు కాలం, పెరిగిన ఖర్చులు చూసి, తన ప్రత్యేక అధికారంతో 25 లక్షలు ఇమ్మంది. అలాంటి అధికారం కింది కోర్టులకు లేదు. కాబట్టి పిటిషన్‌లో "నగల విలువ ఇంత" అని ఒక అంకె రాసి ఊరుకోకుండా, నగలే ఇప్పించాలని, అవి లేకపోతే అంతే తూకం, అంతే నాణ్యం ఉన్న బంగారానికి చెల్లించే రోజు మార్కెట్ ధర ఇప్పించాలని మొదటి రోజే రాయించాలి.